మన స్టూడియోకి స్టోరేజ్: ఇంకా పోర్టబుల్ హార్డ్ డిస్కులే కొందామా, నాస్ బాక్స్ పెడదామా?

బాబాయ్, పెద్దన్నా, ఫోన్‌లో చెప్తే లెక్క సరిగ్గా అర్థం కావట్లేదు, అందుకే రాసి పెడుతున్నా.

మన కెమెరాలు 4కెలో 100 ఎంబీపీఎస్‌కి రికార్డ్ చేస్తాయి, అంటే సెకనుకి 12.5 ఎంబీ, గంటకి 45 జీబీ. ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి ఆరు గంటలు అనుకున్నా 810 జీబీ. నెలకి నాలుగు పెళ్లిళ్లంటే 3.2 టీబీ పైనే. ఆల్బమ్, ఫైనల్ వీడియో ఇచ్చాక కూడా కస్టమర్లు మార్పులు అడుగుతారు కాబట్టి ఆరు నెలలైనా ఉంచాలి, అంటే ఎప్పుడూ 19, 20 టీబీ దాకా మన దగ్గర ఉండాల్సిందే.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి 5 టీబీ పోర్టబుల్ డిస్కులు. ఒక్కోటి దాదాపు 13 వేలు, చూడ్డానికి చవకే. కానీ ఏడాదికి 39 టీబీ వస్తోంది, ఏమీ చెరపకుండా దాస్తూ పోతున్నాం కాబట్టి ఏటా ఎనిమిది డిస్కులు, లక్షా నాలుగు వేలు, అది కూడా ఒక్క కాపీకే. మొన్న ఒక డిస్కు టక్ టక్ మని ఆగిపోయింది, కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశాం, హల్దీ ఫుటేజ్ మొత్తం పోయింది. ఆ అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పింది నేనే, ఇంకోసారి అలాంటి ఫోన్ చెయ్యలేను.

క్లౌడ్ కూడా చూశా, 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా వచ్చినా ఒక్క పెళ్లి ఎక్కడానికి 18 గంటలు పడుతుంది, నెలనెలా అద్దె వేరే. ఫైనల్ వీడియోలకి సరే గానీ రా ఫుటేజ్‌కి వద్దు.

నాస్ అంటే స్టూడియో నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఒకేసారి వాడుకునే డిస్కుల బాక్స్. నాలుగు డిస్కుల బాక్స్ 55 వేలు, 12 టీబీ డిస్కులు నాలుగు లక్షా ఇరవై, మొత్తం లక్షా డెబ్బై ఐదు. రెయిడ్ 5లో, అంటే ఒక డిస్కు పోయినా మిగతా వాటి నుంచి డేటా తిరిగి వచ్చేలా అన్నీ కలిపి పెడితే, ఒక డిస్కంత చోటు పోయి 36 టీబీ మిగులుతుంది (కంప్యూటర్‌లో 32.7 అని కనిపిస్తుంది, మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు). ఒక డిస్కు చచ్చినా పని ఆగదు. మూడు కెమెరాల టైమ్‌లైన్‌కి సెకనుకి 37.5 ఎంబీ చాలు, మామూలు గిగాబిట్ కేబుల్‌లో 110 దాకా వస్తుంది కాబట్టి ఇద్దరు ఎడిటర్లు ఒకేసారి కూర్చోవచ్చు, డిస్కు కోసం ఒకరినొకరు అడుక్కునే పని ఉండదు.

ఒకటి మాత్రం దాచను, రెయిడ్ బ్యాకప్ కాదు. పోయిన డిస్కు మార్చాక మళ్లీ నింపుకోడానికి ఒక రోజైనా పడుతుంది, ఆలోపు రెండోది పోతే అన్నీ పోయినట్టే, పొరపాటున డిలీట్ కొట్టినా అంతే. అందుకే రెండో కాపీకి మన దగ్గర మిగిలిన తొమ్మిది పోర్టబుల్ డిస్కుల్లో ఆరు నెలలు దాటినవి చెరిపి, హెల్త్ చెక్ చేసి వాడతా, 45 టీబీ ఉన్నాయి కదా, కొత్తవి కొనక్కర్లేదు. వాటిని స్టూడియోలో కాకుండా ఇంట్లో పెడతా. కార్డులు రెండు చోట్లా కాపీ అయ్యాకే ఫార్మాట్.

కరెంట్ పోయినప్పుడు రాస్తున్న ఫైల్ చెడకుండా నాస్‌ని ఇప్పుడున్న యూపీఎస్‌కే తగిలిస్తా. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు లక్షా డెబ్బై ఐదు శాంక్షన్ చెయ్యండి, ఒకేసారి కష్టమైతే బాక్స్, మూడు డిస్కులు ఇప్పుడు కొందాం, 24 టీబీ వస్తుంది, నాలుగోది వేసవిలో కలుపుతా.