ఏఐ నిజంగా ఫోటో చూస్తుందా? చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఫోటో పెట్టి ప్రశ్న అడిగే సౌకర్యం ఏఐ చాట్ యాప్‌లలో 2023 నుంచి మామూలు జనానికి అందింది. అప్పటినుంచీ దాన్ని దాదాపు రోజూ వాడుతున్నాను. యాప్ పేరు కావాలనే రాయడం లేదు. నేను మార్చి మార్చి వాడినవన్నీ బలాల్లోనూ లోపాల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయి. ఈ సమీక్షను మామూలుగా రాయడం కన్నా, మురళికీ నాకూ జరిగిన వాదనను రాయడమే నయమనిపించింది. వాడు దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు.

"అది ఫోటో చూడటం ఏంట్రా? ఫైల్ పేరు చదువుతుంది. ఫోటోతో పాటు ఉండే తేదీ, లొకేషన్ లాగుతుంది. నువ్వు ప్రశ్నలో ఇచ్చిన క్లూ పట్టుకుంటుంది. మూడూ కలిపి కథ అల్లుతుంది," అన్నాడు.

తీసిపారేసే అనుమానం కాదు. "ఇది మా కుక్క, ఏ జాతి?" అని అడిగితే ఫోటోలో కుక్క ఉందని మనమే చెప్పేసినట్టు కదా. చాలామంది డెమోలు ఇలాగే ఉంటాయి.

"అయితే ఆ మూడూ తీసేద్దాం. బల్ల మీద ఏం పెట్టాలో నువ్వే పెట్టు," అన్నాను.

వాడు మూసిన పుస్తకం మీద ఖాళీ గ్లాసు పెట్టి, అందులో చెంచాను తలకిందులుగా, అంటే కాడ పైకి కాకుండా కిందికి ఉండేలా నిలబెట్టాడు. పుస్తకం కింద తాళంచెవిని సగం దూర్చాడు. నేను ఫోటో తీసి, దాన్ని స్క్రీన్‌షాట్ చేశాను. స్క్రీన్‌షాట్‌లో అసలు ఫోటో తాలూకు కెమెరా వివరాలూ లొకేషనూ ఉండవు. ఫైల్ పేరు `cat.jpg` అని మురళే మార్చాడు. కొత్త చాట్ తెరిచి, ఏమేం కనిపిస్తున్నాయి, ఏది దేని మీద ఉంది అని మాత్రం అడిగాం.

జవాబులో పిల్లి ఊసే లేదు. పుస్తకం మీద గ్లాసు, గ్లాసులో కాడ కిందికి ఉన్న చెంచా, పుస్తకం అంచు కింద సగం కనిపిస్తున్న తాళంచెవి, అన్నీ వచ్చాయి. అట్ట ముదురు నీలం అని రాసింది, నిజానికి నలుపు. మురళి దాన్ని పట్టుకుని కాసేపు వేలాడాడు. లైటు పడి ఫోటోలో నాక్కూడా నీలంగానే కనిపించింది.

"సరే, పేరు చదవలేదు. మరి ఎలా చూస్తుంది? దానికి కళ్లున్నాయా?"

"కళ్లు లేవు, ముక్కలున్నాయి. ఫోటోను చిన్న చిన్న చదరాలుగా కోస్తుంది. 2020లో వచ్చి బాగా వ్యాపించిన పద్ధతిలో ఒక్కో చదరం 16 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. ఒక్కో చదరాన్ని అంకెల వరుసగా మార్చి, వాక్యంలో మాటల్ని ఒకదానితో ఒకటి పోల్చి అర్థం చేసుకున్నట్టే వీటినీ పోలుస్తుంది. చదరాల్లోని ఆకారానికి ఏ మాట సరిపోతుందో ముందే నేర్చుకుని ఉంటుంది. 2021లో ఓపెన్ఏఐ వాళ్లు క్లిప్ అనే మోడల్‌కి బొమ్మ, దాని పక్కన రాసిన మాట, ఇలాంటి జతలు 40 కోట్లు చూపించి నేర్పించారు."

"అంటే ఎక్కువసార్లు చూసింది బాగా తెలుస్తుంది, చూడనిది తెలియదు."

అసలు విషయం వాడి నోటినుంచే వచ్చింది. గోడ గడియారం దింపి, బ్యాటరీ తీసి, ముళ్లు తిప్పి 4:35 పెట్టమన్నాను. టైమ్ ఎంత అని అడిగితే పదీ పది అని వచ్చింది, కాస్త కూడా తడబాటు లేకుండా.

మురళి ఎగిరి గంతేశాడు. "చూశావా! చూడలేదురా అది!"

సగం నిజమే. అది గడియారమని తెలిసింది, ముళ్లు రెండూ ఉన్నాయనీ తెలిసింది. కానీ ఏ ముల్లు పొట్టిది, అది ఏ కోణంలో ఉంది అన్నది ఈ మోడళ్లకు చాలాకాలంగా బలహీనత. గడియారాల ప్రకటనల్లో ముళ్లు ఎక్కువగా పదీ పది దగ్గరే ఉంటాయి, కంపెనీ పేరు ముళ్ల మధ్య తేటగా కనిపించాలని. నేర్చుకున్న బొమ్మల్లో అదే ఎక్కువ కాబట్టి, కోణం సరిగ్గా అందనప్పుడు అలవాటైన జవాబు దూరిపోతుంది. కొత్త వెర్షన్లు కొంత మెరుగయ్యాయి గానీ, నేనైతే ఇప్పటికీ ముళ్ల గడియారం, ముల్లుతో చూపే మీటర్లు దానికి ఇవ్వను. అంకెల డిస్‌ప్లే ఉన్నదైతే ఇస్తాను. గుంపులో మనుషుల్ని లెక్కపెట్టడం, ఏది కుడి ఏది ఎడమ అన్నది కూడా ఈ కోవలోకే వస్తాయి.

"తప్పు చెప్పినా అంత ధైర్యంగా చెప్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మురళి. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర తిరుగులేని జవాబు లేదు, ఒక పద్ధతి ఉంది. దాన్ని రౌటర్ మీద చూపించాను.

రౌటర్‌ను బోర్లించి బల్ల మీద పెట్టి, బల్లంతా వచ్చేలా ఫోటో తీశాను. అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబర్ చదవమన్నాం. పన్నెండు అక్షరాలూ టకటకా వచ్చేశాయి. స్టిక్కర్‌తో పోల్చి చూస్తే ఒకచోట 8 ఉండాల్సింది B అయింది, ఇంకోచోట ఒక అంకె పూర్తిగా వేరే.

"ఫోటో మాత్రం నీట్‌గానే ఉందిగా, జూమ్ చేస్తే నేనే చదువుతున్నాను."

"నువ్వు చూసే ఫోటో, అది చూసే ఫోటో ఒకటి కాదు. ఫోన్ తీసిన ఫోటో వెడల్పు 4,000 పిక్సెళ్లు. చాలా యాప్‌లు దాన్ని లోపల కుదించాకే మోడల్‌కి ఇస్తాయి. 1,600కి కుదించిందనుకో. ఇందులో స్టిక్కర్ మీది అక్షరం 30 పిక్సెళ్ల ఎత్తుంటే 12కి పడిపోతుంది. ఇందాక చెప్పిన చదరం 16. అక్షరం మొత్తం ఒక చదరంలో ఇరుక్కుపోయింది. ఇంక 8కీ Bకీ తేడా ఏం తెలుస్తుంది?"

అదే ఫోటోతో ఇంకో కొత్త చాట్‌లో మళ్లీ అడిగాం. ఈసారి మొదటి తప్పు అలాగే ఉంది, రెండోచోట ఇంకో అంకె వచ్చింది. నేను వాడే పద్ధతి ఇదే. వేరువేరు చాట్‌లలో జవాబు మారుతోందంటే అక్కడ అది చదవట్లేదు, ఊహిస్తోంది. మారలేదంటే మాత్రం సరైనదని హామీ లేదు, ఒకే తప్పు రెండుసార్లూ చేయొచ్చు, చేసింది కూడా. పాత చాట్‌లోనే "ఖచ్చితమేనా?" అని అడగడం వల్ల ఉపయోగం లేదు. ఒప్పుని కూడా సారీ చెప్పి మార్చేస్తుంది, అది ఇంకో తలనొప్పి.

తర్వాత స్టిక్కర్ ఒక్కటే ఫ్రేము నిండేలా దగ్గరనుంచి తీశాను. పన్నెండూ సరిగ్గా వచ్చాయి. మురళి ఫోన్ లాక్కుని, స్టిక్కర్ మీద లేని విషయం అడిగాడు, "ఎరుపు గీత పక్కన ఏం రాసుంది?" అని. ఎరుపు గీతేమీ కనిపించడం లేదని వచ్చింది. అదే ప్రశ్న మసకగా, వంకరగా తీసిన ఫోటోతో అడిగితే, గీత పక్కన ఏదో మోడల్ నంబర్ ఉందని రాసింది. ఫోటో మసకైతే మన ప్రశ్నలోని మాటకే బరువు పెరుగుతుంది. అంటే వాడు మొదట అన్న క్లూ సంగతి పూర్తిగా తప్పు కాదు, ఆ ఒక్కచోట వాడిదే పైచేయి.

మొత్తం మీద ప్రింటు చేసిన కాగితం చదివించడానికి, వస్తువేమిటో అడగడానికి, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ మెసేజ్ అర్థం చేసుకోవడానికి నేను దీనికి ఐదులో నాలుగు ఇస్తాను. లెక్కపెట్టడానికీ ముళ్లు చదవడానికీ ఒకటిన్నర. మందు డబ్బా మీది తేదీ, బ్యాంకు అకౌంట్ నంబర్ లాంటివి దగ్గరనుంచి ఫోటో తీసి చదివించినా, అక్షరం అక్షరం నా కళ్లతో సరిచూసుకున్నాకే టైప్ చేస్తాను. మురళి ఐదులో రెండున్నర ఇచ్చాడు. గడియారం మళ్లీ సరిగ్గా పెట్టి గోడకు తగిలించింది మాత్రం నేనే.