నాలుగేళ్లు, మూడు రకాల గ్లౌజులు, ఒకటే చెయ్యి

కడియం దగ్గర మాకో చిన్న నర్సరీ ఉంది. గులాబీలు, కాగితం పూల మొక్కలు కత్తిరించే పని నాది. మూడు రకాల గ్లౌజులు వాడతాను. ముళ్లకు మేకతోలువి, కవర్లలో మట్టి నింపి నారు మార్చేటప్పుడు అరచేతికి నైట్రైల్ పూత ఉన్న అల్లిక గ్లౌజులు, సిమెంటు కుండీలు దింపేటప్పుడు మందపాటి లెదర్ వర్క్ గ్లౌజులు. నాలుగేళ్లుగా వీటితోనే పని. మొదటి ఏడాదంతా తప్పు సైజులు కొని డబ్బు తగలేశాను.

ముందు కొలత సంగతి. టైలర్ టేపును పిడికిలి బిగిస్తే పొడుచుకొచ్చే ఎముకల మీదుగా, బొటనవేలు కలపకుండా, అరచేయి చుట్టూ తిప్పాలి. చెయ్యి చాచి ఉండాలి, టేపు ఆనాలే కానీ నొక్కకూడదు. ఎక్కువగా వాడే చేతిని కొలవాలి. నాకు కుడిచెయ్యి 18.6 సెంటీమీటర్లు, ఎడమ 18. టేపు లేకపోతే పురికొస చుట్టి స్కేలు మీద పెట్టినా చాలు. వర్క్ గ్లౌజుల మీద ఉండే 7, 8, 9 అంకెలు దాదాపుగా ఈ చుట్టుకొలత అంగుళాలే. యూరప్ ప్రమాణం పట్టికలో 7కి 178 మిల్లీమీటర్లు, 8కి 203. నా 18.6ని 2.54తో భాగిస్తే 7.3 వస్తుంది. అంటే 7 కొనాలి. కొన్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

అదే పట్టికలో పక్కన ఇంకో గడి ఉంటుంది: మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొస దాకా చేతి పొడవు. 7కి 171, 8కి 182. నాది 179. చుట్టుకొలత చూస్తే 7కి దగ్గర, పొడవు చూస్తే 8కి దగ్గర. సన్నగా పొడుగ్గా ఉండే చేతులన్నిటికీ ఇదే తంటా. షాపులో ఎవరూ పొడవు అడగరు, ఆన్‌లైన్‌లోనూ చాలాచోట్ల చుట్టుకొలత బొమ్మ ఒక్కటే పెడతారు.

ఈ తేడా ఏ రకం గ్లౌజులో ఎలా బయటపడుతుందన్నదే అసలు విషయం.

తోలు అడ్డంగా సాగుతుంది, నిలువుగా పెద్దగా సాగదు. మంచి కంపెనీలు కావాలనే అలా కోస్తాయి, అరచేయి వెడల్పుకి ఒదగాలని. అందుకే కొత్త 7 సైజు మేకతోలు గ్లౌజు అరచేతి దగ్గర పట్టేసినట్టు ఉన్నా రెండు మూడు వారాల్లో నా చేతి ఆకారానికి వచ్చేసింది. వేళ్లు మాత్రం సాగలేదు. మధ్యవేలి కొస కుట్టుకి గుద్దుకుంటుంది. కత్తెర నొక్కినప్పుడల్లా గ్లౌజు బొటనవేలి సందులో లాగుతుంది. రెండో నెలలో ఆ సందులోనే కుట్టు విడిపోయింది. తోలు నాసిరకం అనుకున్నాను కానీ, చిరిగింది తోలు కాదు, పొడవు చాలక లాగిన లాగుడికి దారం తెగింది.

దాంతో 8 కొన్నాను. వేళ్లు హాయిగా ఉన్నాయి. అరచేయి మొదటిరోజు కొంచెమే వదులు, నెలకి బాగా వదులు. కత్తెర పట్టుకుంటే తోలు మడత పడి, ఆ మడత రోజూ ఒకేచోట ఒరిసి, చూపుడువేలి మొదట్లో బొబ్బ వచ్చింది. తోలు గ్లౌజు కొత్తలోనే సుఖంగా ఉంటే అది పెద్దదని అప్పుడు తెలిసింది.

చివరికి కుదిరింది వేరే కంపెనీ 7. పట్టికలో ఉన్నది చేతి కొలత, గ్లౌజు కొలత కాదు. ఆ చేతికి గ్లౌజుని ఎంత పొడవు కొయ్యాలో తయారీదారే నిర్ణయించుకుంటాడు. కాబట్టి ఇప్పుడు షాపులో గ్లౌజు తొడిగి పిడికిలి బిగిస్తాను. ఏ వేలి కొసా కుట్టుకి తగలకూడదు, సందులో లాగకూడదు. తర్వాత చెయ్యి చాచి, వేలి కొసన మిగిలిన తోలుని రెండో చేత్తో గిల్లి చూస్తాను. అర సెంటీమీటరు దొరికితే మంచిదే, ఒకటి దొరికితే వద్దంటాను.

ఒక పక్కమాట. జర్మనీలో ఉండే మా చెల్లి చలికాలం వేసుకునే తోలు గ్లౌజులు తెచ్చింది, వాటి మీదా 7 అనే ఉంది. అవి అరచేతికి చక్కగా సరిపోయాయి. ఆ ఫ్యాన్సీ గ్లౌజుల సైజులు పాత ఫ్రెంచి అంగుళం లెక్కన వచ్చినవి, ఆ అంగుళం 2.7 సెంటీమీటర్లు. అక్కడ 7 అంటే దాదాపు 19. అదే 7, సెంటీమీటరు పైన తేడా.

అల్లిక గ్లౌజు ఇంత పేచీ పెట్టదు. నావి 13 గేజివి, అంటే అల్లే మిషన్ మీద అంగుళానికి 13 సూదులు. అటూ ఇటూ సాగుతుంది, తీసేస్తే మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే ఇక్కడ 7 తీసుకున్నా ఇబ్బంది లేదు. కాకపోతే అల్లిక సాగినంతగా పూత సాగదు. చిన్నది వేసుకుంటే సాగాల్సిన పనంతా చేతి వెనక అల్లిక మీద పడుతుంది. అక్కడ జాలీ విచ్చుకుని మట్టి లోపలికి దిగుతుంది. ముందు వైపు వేళ్ల మొదట్లో పూత గీతలు గీతలుగా పగులుతుంది. మా అత్తయ్య ఇంట్లో అందరికీ ఒకే సైజు తెప్పించేది. "సాగుతాయి కదే, ఏదైనా ఒకటే" అనేది. తన 8 సైజు చేతికి 7 వేసుకుంటే సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని తనే మానేసింది. పెద్దవైతే ఇంకో గోల: వేలి కొస ఖాళీగా ఉంటే చిన్న నారుమొక్క కాడ దొరకదు, రెండు మూడు కలిసి వస్తాయి. మణికట్టు అంచు దారం రంగు చూసి సైజు పోల్చుకోవచ్చు కానీ, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు కాదు.

కుండీలు దింపే లెదర్ గ్లౌజుల్లో నాకు సైజే దొరకలేదు. అరచేయి స్ప్లిట్ లెదర్, వెనక కాన్వాసు, ఫ్రీ సైజు. ఫ్రీ సైజు అంటే మగవాళ్ల పెద్ద చెయ్యి, సుమారు 10. నా వేళ్ల ముందు రెండు సెంటీమీటర్లు ఖాళీ. కుండీ దింపుతుంటే ఆ ఖాళీ కొస కింద ఇరుక్కుని, నా చెయ్యి బయటికి వచ్చి గ్లౌజు అక్కడే ఉండిపోయింది. స్ప్లిట్ లెదర్ మందం కాబట్టి వాడగా వాడగా మెత్తబడుతుంది తప్ప చేతికి ఒదగదు. ఇప్పుడు లోపల పాత అల్లిక గ్లౌజు వేసుకుని దాని మీద ఇది తొడుగుతాను. పట్టు వచ్చింది. మే నెలలో మాత్రం అరగంట మించి భరించలేం. కొమ్మలు ముక్కలు చేసే మిషన్ దగ్గర మాత్రం మూడింట్లో ఏదీ వేసుకోను. తిరిగే బ్లేడుకి గ్లౌజు చిక్కితే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది.

తడిసిన తోలుని ఒకసారి ఎండలో ఆరేశాను. అట్టలా బిగుసుకుని, కష్టపడి కుదుర్చుకున్న 7 కాస్తా ముడుచుకుపోయింది. ఇప్పుడు నీడలోనే ఆరేసి, సగం ఆరాక ఒకసారి తొడిగి పిడికిలి మూసి తెరుస్తాను.

నాలుగేళ్లలో అరిగినవన్నీ కుడిచేతివే. షెడ్డులో మేకుకి ఎడమచేతి గ్లౌజులు ఐదు వేలాడుతున్నాయి. పూత లేని అల్లికవైతే తిప్పి ఏ చేతికైనా వేసుకోవచ్చు. వీటికి ఆ సదుపాయం లేదు.