దొర్లే డిస్క్ లెక్క: కేంద్రం చుట్టూ చేయడం మేలా, నేలను తాకే చోటు చుట్టూనా, శక్తితోనా?

జారకుండా దొర్లే వస్తువు మీద ప్రశ్న వస్తే ముందున్న దారులు మూడు. ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ టార్క్ రాయవచ్చు. నేలను తాకే బిందువు చుట్టూ రాయవచ్చు. టార్క్ జోలికి పోకుండా శక్తి నిత్యత్వం వాడవచ్చు. మూడింటిలో ఏది మేలో తేల్చాలంటే ఒకే లెక్కను మూడు విధాలా చేసి చూడాలి. అందుకే డిస్క్, కడ్డీ కలిసిన వస్తువునొకదాన్ని తీసుకుంటున్నాను. మామూలు డిస్క్ అయితే సూత్రం గుర్తుకొచ్చి చేయి దానంతటదే రాసుకుపోతుంది, తేడా కనబడదు.

డిస్క్ ద్రవ్యరాశి M = 2 కిలోలు, వ్యాసార్ధం R = 0.2 మీటర్లు. దాని ముఖం మీద m = 3 కిలోల సన్నని కడ్డీని గట్టిగా బిగించారు. కడ్డీని రెండు రకాలుగా బిగించవచ్చు. బొమ్మలో O డిస్క్ కేంద్రం, P నేలను తాకే బిందువు, G మొత్తం వస్తువు ద్రవ్యరాశి కేంద్రం.

```
(అ) కడ్డీ వ్యాసం పొడవునా: L = 2R

        .-------.
      /           \
     |======O======|     G, O ఒకే చోట
      \           /
        '-------'
    --------P--------

(ఆ) కడ్డీ ఒక వ్యాసార్ధం మీదే: L = R

        .-------.
      /           \
     |      O=G====|     OG = 0.06 m
      \           /
        '-------'
    --------P--------
```

ముందు (అ). O గుండా, డిస్క్ తలానికి లంబంగా పోయే అక్షం చుట్టూ డిస్క్ జడత్వ భ్రామకం MR²/2, అంటే R². కడ్డీకి mL²/12. ఇక్కడ L అంటే కడ్డీ మొత్తం పొడవు 2R, కాబట్టి mR²/3, అదీ R²యే అవుతుంది. L స్థానంలో R వేయడం చాలామంది చేసే పొరపాటు. అలా వేస్తే కడ్డీ వాటా నాలుగో వంతుకు పడిపోతుంది. రెండూ కలిపితే I = 2R² = 0.08 kg·m². మొత్తం ద్రవ్యరాశి 5 కిలోలు కాబట్టి I = 0.4 × 5R² అని కూడా రాయవచ్చు. నిండు గోళానికి వచ్చే 2/5 ఇదే. అంటే వాలు మీద ఈ డిస్క్, కడ్డీల జత నిండు గోళంతో సమానంగా దిగుతుంది.

దీన్ని 30° వాలు మీద నిశ్చలంగా వదిలాం. వాలు పొడవు 1.75 మీటర్లు, g = 9.8 m/s². జారకుండా దొర్లుతుందని అనుకుందాం.

కేంద్రం చుట్టూ చేస్తే రెండు సమీకరణాలు రాయాలి. బరువు 49 N లో వాలు వెంబడి పనిచేసేది 24.5 N, ఘర్షణ f అనుకుంటే 24.5 − f = 5a. O చుట్టూ టార్క్ ఇచ్చేది ఘర్షణ ఒక్కటే, కాబట్టి fR = Iα. జారడం లేదు కనుక a = Rα. రెండో సమీకరణం నుంచి f = 2a వస్తుంది. దాన్ని మొదటి దాంట్లో పెడితే a = 3.5 m/s², f = 7 N.

P చుట్టూ చేస్తే ఒక్క సమీకరణం చాలు. ఘర్షణ, అభిలంబ బలం రెండూ P గుండానే పోతాయి, వాటి టార్క్ సున్నా. మిగిలింది బరువు ఒక్కటే. సమాంతర అక్షాల సిద్ధాంతంతో I_P = 2R² + 5R² = 7R² = 0.28. టార్క్ 24.5 × 0.2 = 4.9. భాగిస్తే α = 17.5 rad/s², a = 3.5 m/s². పని సగంలో అయిపోయింది.

శక్తితో చేస్తే, వాలు ఎత్తు 0.875 మీటర్లు, పోయిన స్థితిశక్తి 42.875 J. గతిశక్తి ½ × 5v² × 1.4. రెంటినీ సమానం చేస్తే v = 3.5 m/s. పైన వచ్చిన త్వరణంతో సరిచూస్తే v² = 2 × 3.5 × 1.75 = 12.25, అదే v వచ్చింది. ఇక్కడ ఘర్షణ పని సున్నా. ఘర్షణ లేక కాదు, అది పనిచేసే బిందువుకు ఆ క్షణంలో వేగం లేదు కాబట్టి.

ఇక్కడిదాకా చూస్తే P పద్ధతే మేలనిపిస్తుంది. అడుగున వేగం మాత్రమే అడిగితే శక్తి పద్ధతి ఇంకా పొట్టి. నేనూ చాలాకాలం ఈ రెండింటినే వాడాను. కానీ ఆ రెండింటిలోనూ f అన్న అక్షరం ఎక్కడా రాలేదని గమనించండి. రాయడం తేలికైంది అందుకే. ప్రమాదం ఉన్నదీ అక్కడే.

ప్రశ్నలో ఘర్షణ గుణకం 0.1 అని ఇచ్చారనుకోండి. అభిలంబ బలం 49 cos 30° = 42.4 N. నేల ఇవ్వగల గరిష్ఠ ఘర్షణ 4.24 N. దొర్లడానికి కావలసింది 7 N. కాబట్టి ఈ వస్తువు జారుతుంది. జారకుండా ఉండాలంటే గుణకం కనీసం 7/42.4, అంటే సుమారు 0.165 ఉండాలి. ఈ విషయం కేంద్రం పద్ధతిలో వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే f విలువ కాగితం మీదే ఉంటుంది. మిగతా రెండు పద్ధతులూ ఏ అనుమానమూ రానీయకుండా 3.5 అనే జవాబునే చేతిలో పెడతాయి.

జారితే నిజంగా జరిగేది ఇది. f = 4.24 N గా నిలిచిపోతుంది. a = (24.5 − 4.24)/5 = 4.05 m/s². కోణీయ త్వరణం 4.24 × 0.2/0.08 = 10.6 rad/s². Rα = 2.12 మాత్రమే, a కన్నా బాగా తక్కువ. అడుగు బిందువు నేల మీద ముందుకు జారుతోందని ఈ తేడాయే చెబుతోంది. శక్తి లెక్కలో ఇప్పుడు వేడిగా పోయిన వాటాను తీసేయాలి. P చుట్టూ τ = I_Pα అని రాస్తే అసలే తప్పు, ఎందుకంటే తాకే బిందువుకు ఇప్పుడు వాలు వెంబడి త్వరణం ఉంది. నేల మీది స్థిర బిందువు చుట్టూ కోణీయ ద్రవ్యవేగం మారే రేటు రాస్తే మాత్రం సరిపోతుంది: 5aR + Iα = 4.05 + 0.85 = 4.9. కానీ అది రెండు తెలియని రాశులున్న ఒక సమీకరణం. దాన్ని విడదీయాలంటే మళ్ళీ కేంద్రం దగ్గరికే రావాలి.

ఘర్షణ గుణకం ఇచ్చినా, అడిగినా, "జారుతుందా?" అన్న సందేహం ఏమాత్రం ఉన్నా నేను కేంద్రం నుంచే మొదలుపెడతాను. ఒక పంక్తి ఎక్కువైనా ఫరవాలేదు. జారదని ప్రశ్నే చెప్పి, త్వరణం ఒక్కటే అడిగితే P. వేగం అడిగితే శక్తి. దారం చుట్టిన రీలును లాగే ప్రశ్నల్లో మాత్రం P కి సాటి లేదు. దారం లాగే గీతను పొడిగించి అది P కి ఏ పక్కగా పోతుందో చూస్తే చాలు, రీలు ఎటు దొర్లుతుందో లెక్క వేయకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు (ఆ). కడ్డీ ఒక వ్యాసార్ధం మీదే ఉంది కాబట్టి G కేంద్రంలో లేదు. దీన్ని సమతల నేల మీద, కడ్డీ అడ్డంగా ఉండగా నిశ్చలంగా వదిలాం, జారదు. కడ్డీ కిందికి దిగుతూ డిస్క్‌ను దొర్లిస్తుంది.

I_P కావాలి. డిస్క్ వాటా 3MR²/2 = 3R². కడ్డీకి దాని సొంత మధ్యబిందువు నుంచి మొదలుపెట్టాలి: mR²/12 + m(R² + R²/4) = 4R². మొత్తం 7R², మళ్ళీ 0.28. టార్క్ 3 × 9.8 × 0.1 = 2.94. వదిలిన క్షణంలో α = 10.5 rad/s². ఇది సరైనదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కడ్డీకి O చుట్టూ ఉన్న mR²/3 తీసుకుని, దానికి mR² కలిపినా అదే 4R² వస్తుంది. O కడ్డీ చివర, దాని ద్రవ్యరాశి కేంద్రం కాదు. కాబట్టి సమాంతర అక్షాల సిద్ధాంతాన్ని అక్కడి నుంచి వాడకూడదు. అయినా కడ్డీ అడ్డంగా ఉన్నప్పుడు OPకి లంబంగా ఉంటుంది కనుక తప్పు దాగిపోతుంది. కడ్డీ 30° కిందికి వాలాక అసలు I_P = 7R² − 3R² sin 30° = 5.5R², అంటే 0.22. తప్పు దారిలో వెళ్ళినవారికి ఇంకా 7R² గానే ఉంటుంది.

ఆ 30° స్థితిలో α ఎంత? టార్క్ 2.94 cos 30° = 2.55. దాన్ని 0.22తో భాగిస్తే 11.6 rad/s². I_P సరిగ్గా కట్టినా ఈ జవాబు తప్పు. సరైనది 14.7.

కారణం P త్వరణంలో ఉంది. దొర్లే డిస్క్‌లో తాకే బిందువు వేగం సున్నా, త్వరణం సున్నా కాదు. అది Rω², దిశ O వైపు. τ = I_Pα నిలవాలంటే ఆ త్వరణం G గుండా పోవాలి. (అ)లో G, O ఒకటే, కాబట్టి నిలిచింది. (ఆ)లో వదిలిన క్షణంలో ω సున్నా, కాబట్టి అప్పుడూ నిలిచింది. కదలిక మొదలయ్యాక నిలవదు.

ఇలాంటి చోట శక్తి పద్ధతిదే పైచేయి. గతిశక్తి ½I_Pω² అన్నది జారకుండా దొర్లుతున్నంతకాలం ఏ స్థితిలోనైనా నిజం, దానికి P త్వరణంతో పని లేదు. 30° దిగేసరికి కడ్డీ మధ్యబిందువు 0.05 మీటర్లు దిగింది, పోయిన స్థితిశక్తి 1.47 J. ω² = 2 × 1.47/0.22 = 13.4. α కావాలంటే శక్తి సమీకరణాన్నే కాలంతో అవకలనం చేయాలి. కడ్డీ వాలిన కోణం φతో I_P మారుతోంది కాబట్టి ఒక పదం అదనంగా వస్తుంది:

```
I_P·α + ½·(dI_P/dφ)·ω² = τ
0.22·α − 0.69 = 2.55
α = 14.7 rad/s²
```

ఆ 0.69 మరిచిపోతేనే 11.6 వస్తుంది. P పద్ధతి వాడే ముందు నేను చూసుకునేది ఇదొక్కటే: వస్తువు దొర్లుతుంటే I_P మారుతుందా? (అ)లో డిస్క్‌ను ఎంత తిప్పినా అది 7R²యే. (ఆ)లో అడ్డంగా 7R², కడ్డీ నిట్టనిలువుగా కిందికి వచ్చేసరికి 4R².