లేబర్ లైసెన్స్ రెన్యువల్ అయిందని ఏజెంటు పంపిన పీడీఎఫ్‌ని నమ్మకండి, పోర్టల్లో చూసుకోండి

తెలంగాణలో చిన్న షాపు నడుపుకుంటూ లేబర్ లైసెన్స్ పని ఏజెంటుకు అప్పజెప్పిన వాళ్లందరూ ఇది చదవాలి. లేబర్ లైసెన్స్ అని మనం అంటున్నది షాపులు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ వేరు, ఇది వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేస్తే కుదరదు.

మాది రెడీమేడ్ బట్టల షాపు. ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. 2022లో షాపు తెరిచినప్పుడు, లైసెన్సులన్నీ చేయించి పెడతామని బోర్డు పెట్టుకున్న ఒక ఏజెంటుకు ఈ పని ఇచ్చాం. సర్టిఫికెట్ వచ్చింది. అది అసలుదే, అందులో మోసం లేదు. మోసమంతా ఆ తర్వాత రెన్యువల్ దగ్గర జరిగింది.

ఈ సర్టిఫికెట్ గడువు డిసెంబరు 31తో ముగుస్తుంది. షాపు ఏ నెలలో తెరిచామన్నదానితో సంబంధం లేదు. రెన్యువల్‌కి గడువు తీరేదాకా ఆగకూడదు, నెల ముందే, అంటే డిసెంబరు మొదటి తేదీలోపే దరఖాస్తు పెట్టి ఫీజు కట్టాలి. దాటితే ఆలస్యానికి అదనంగా పడుతుంది. ఏజెంట్లకు ఈ తేదీ బాగా తెలుసు. నవంబరు రాగానే ఫోన్ వస్తుంది. "అన్నా, మీ లైసెన్స్ అయిపోతోంది, ఈ వారంలో కట్టకపోతే ఫైన్ పడుద్ది, ఫోన్ పే చేసేయండి" అంటాడు. సీజన్ టైములో షాపులో జనం ఉండగా ఈ ఫోన్ వస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. డబ్బు పంపాక రెండు రోజుల్లో కొత్త తేదీతో సర్టిఫికెట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చేది. దాన్ని ప్రింటు తీసి ఫ్రేములో పెట్టేవాళ్లం.

2025 మొదట్లో లేబర్ ఆఫీసు నుంచి సార్ తనిఖీకి వచ్చారు. చిన్న షాపులకు మామూలుగా వచ్చేది అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు, ఏఎల్ఓ అంటారు. ఆయన గోడ మీదున్న సర్టిఫికెట్ చూసి, అందులోని రిజిస్ట్రేషన్ నంబరును ఫోన్లో కొట్టారు. రికార్డులో 2023 డిసెంబరు 31కే గడువు అయిపోయినట్టుంది. 2024కీ 2025కీ మేం డబ్బు కట్టాం, కానీ పోర్టల్లో ఆ రెండేళ్లకూ దరఖాస్తే లేదు. ఏజెంటు పాత పీడీఎఫ్‌లో సంవత్సరం మార్చి పంపాడన్నమాట.

దీన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నిజమైన రెన్యువల్ అయితే ఫీజు కట్టిన చలానా ఉండాలి. దాని మీద తేదీ, లావాదేవీ నంబరు, మన షాపు పేరు ఉంటాయి. మాకు ఏజెంటు చలానా ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అడిగితే "అది ఆఫీసు కాపీ అన్నా, మీకెందుకు" అనేవాడు. ఫీజు మన దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, పోర్టల్లోనే కనిపిస్తుంది. ఇద్దరు పనివాళ్లున్న మా షాపుకి చలానా లెక్క వందల్లోనే. మా దగ్గర తీసుకున్నది ఏటా 4,500 రూపాయలు. సర్వీసు చార్జి ఎవరైనా తీసుకుంటారు, దాంతో నాకు గొడవ లేదు. చలానా మాత్రం మన చేతికి రావాల్సిందే.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. 2022లో దరఖాస్తు పెట్టేటప్పుడు మొబైల్ నంబరు, ఈమెయిల్ దగ్గర ఏజెంటు తనవే ఇచ్చుకున్నాడు. శాఖ నుంచి వచ్చే ప్రతి మెసేజీ, ఓటీపీ, రెన్యువల్ గుర్తుచేసే నోటీసు అతని ఫోన్‌కే పోయాయి. గడువు తీరిందన్న సంగతి మాకు తెలియకపోవడానికి అసలు కారణం ఇదే. లాగిన్ అవుదామన్నా ఓటీపీ అతనికే వెళ్తుంది. నా ఉద్దేశంలో నకిలీ పీడీఎఫ్ కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే నిజాయితీగా పనిచేసే ఏజెంట్లు కూడా తమ సౌకర్యం కోసం ఇలాగే చేస్తుంటారు. రేపు ఆ మనిషి దుకాణం ఎత్తేసినా, నంబరు మార్చినా మన లైసెన్స్ తాళం అతనితోనే పోతుంది.

దరఖాస్తు కాపీ తీయించి చూస్తే ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. పనివాళ్ల సంఖ్య దగ్గర సున్నా వేశాడు. వారపు సెలవు ఆదివారం అని రాశాడు. మేం షాపు మూసేది మంగళవారం, ఆదివారం మాకు గిరాకీ రోజు. చట్టం ప్రకారం షాపు వారంలో ఒకరోజు మూయాలి. ఆ రోజు ఏదో ముందే నిర్ణయించి అధికారికి తెలియజేయాలి, షాపులో అందరికీ కనిపించేలా నోటీసు పెట్టాలి. గోడ మీద నోటీసులో మంగళవారం, రికార్డులో ఆదివారం. అంటే తనిఖీ లెక్కన మేం ప్రతి ఆదివారం నిబంధన మీరి షాపు తెరిచినట్టే. సున్నా సంగతి ఇంకా ఇబ్బంది పెట్టింది. రికార్డులో పనివాళ్లే లేరు, కౌంటర్ దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. కావాలని దాచామని అనుకోవడానికి అది చాలు.

తనిఖీలో ఏం అడుగుతారో చాలామందికి సరిగా తెలియదు, అందుకే మా దగ్గర జరిగింది చెబుతాను. సర్టిఫికెట్ తర్వాత సార్ బయటికెళ్లి బోర్డు చూశారు. షాపు పేరు తెలుగులో ఉండాలి, వేరే భాషలో కూడా రాయించుకుంటే తెలుగు పైన, అది కింద ఉండాలి. మాది సరిగానే ఉంది. మా పక్కన కొత్తగా వచ్చిన మొబైల్ షాపుకి మొత్తం ఇంగ్లిష్ బోర్డే, వాళ్లను మార్చమన్నారు.

తర్వాత హాజరు పుస్తకం, జీతాల పుస్తకం, సెలవుల లెక్క అడిగారు. ఇక్కడ ఆయన చూసే పద్ధతి తెలుసుకోవాలి. పుస్తకం తిరగేసి ఊరుకోరు, పనివాళ్లతోనే నేరుగా మాట్లాడతారు. ఎప్పుడు చేరావు, పొద్దున ఎన్నింటికి వస్తావు, మధ్యాహ్నం తినడానికి టైమిస్తారా, వారం సెలవుకి జీతం కోస్తారా, నెలకి చేతికి ఎంత వస్తుంది అని అడిగారు. వాళ్లు చెప్పింది, పుస్తకంలో ఉన్నది ఒకటేనా అని చూసుకున్నారు. నెలాఖరున ఒకేసారి కూర్చుని సంతకాలు పెట్టించిన హాజరు పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, ముప్పై రోజులూ ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి. జీతం నగదుగా ఇస్తే సంతకం, ఖాతాకి వేస్తే ఆ ఎంట్రీ చూపించాలి. షాపుల్లో పనివాళ్లకు కనీస వేతనం ఉంది, దాని మీద కరువు భత్యం ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మారుతుంది. రెండేళ్ల కిందటి జీతమే ఇస్తుంటే అది కనీసం కంటే కిందికి పోయి ఉండొచ్చు, అడిగే లోపే సరిచూసుకోండి. మా చిన్న కుర్రాడు వయసుకి చిన్నగా కనిపిస్తాడని అతని ఆధార్ కూడా అడిగారు. పనివాళ్ల ఆధార్ కాపీలు, చేరినప్పుడు ఇచ్చిన నియామక పత్రాల కాపీలు ఒక ఫైల్లో షాపులోనే ఉంచండి, ఇంట్లో పెడితే లాభం లేదు.

చివర్లో విజిట్ బుక్ అడిగి, ఏమేం లోపాలున్నాయో, ఎప్పటిలోగా సరిచేయాలో అందులో రాసి సంతకం పెట్టారు. ఈ పుస్తకం మనకే రక్షణ. వచ్చినవాళ్లు గుర్తింపు కార్డు చూపకుండా, పుస్తకంలో రాయకుండా, చలానా మాటెత్తకుండా డబ్బు గురించి మాట్లాడితే ముందు కార్డు అడగండి, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి.

సార్ వెళ్లిన సాయంత్రమే ఏజెంటు ఫోన్ చేశాడు. లోపల తనకు మనుషులున్నారట, 10,000 ఇస్తే మొత్తం మాఫీ చేయిస్తాడట. ఈ మాట మీకూ వినిపిస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి. మేం నేరుగా లేబర్ ఆఫీసుకి వెళ్లాం. పాత సర్టిఫికెట్, మా ఆధార్, పాన్, అద్దె ఒప్పందం, బోర్డు కనిపించేలా తీసిన షాపు ఫోటో తీసుకెళ్లాం. మొబైల్ నంబరు, పనివాళ్ల సంఖ్య, సెలవు రోజు మార్చమని రాసిచ్చాం. ఏజెంటుకి పంపిన డబ్బుల స్క్రీన్‌షాట్లు, అతను పంపిన పీడీఎఫ్‌లు కూడా జత చేశాం. నంబరు మారాక మిగతా పని మీసేవలో అయిపోయింది. వదిలేసిన సంవత్సరాల ఫీజు, ఆలస్య రుసుము కట్టాల్సి వచ్చింది. అదంతా కలిపినా ఏజెంటు తిన్న దానికంటే తక్కువే.

ఇలా ఏజెంటు చేత చేయించుకున్న వాళ్లు ఈ రోజే labour.telangana.gov.in లోకి వెళ్లి మీ రిజిస్ట్రేషన్ నంబరుతో గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి, లేదా దగ్గర్లోని మీసేవలో అడగండి. రికార్డులో ఉన్న మొబైల్ నంబరు మీదో కాదో తెలుసుకోండి. దరఖాస్తు కాపీ తీసుకుని పనివాళ్ల సంఖ్య, సెలవు రోజు చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 1988 నాటి ఇలాంటి చట్టమే ఉంది, అక్కడివాళ్లు వాళ్ల కార్మిక శాఖ పోర్టల్లో చూసుకోవాలి.

పీడీఎఫ్ నకిలీదని తేలితే ఏజెంటుతో వాట్సాప్‌లో గొడవపడకండి, అతను మెసేజీలు చెరిపేస్తాడు. ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ప్రభుత్వ సర్టిఫికెట్‌ని మార్చడం నేరం కాబట్టి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపింది ఈమధ్యే అయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. సర్వీసు పేరుతో డబ్బు తీసుకుని పని చేయనందుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మేం స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాం, డబ్బు ఇంకా రాలేదు. అదే ఏజెంటు దగ్గర చేయించుకున్న మా వీధిలో ఇంకో కిరాణా అన్న, ఒక టైలరింగ్ అక్క కూడా నంబరు కొట్టి చూస్తే వాళ్లదీ 2023తోనే ఆగిపోయి ఉంది.