గోమారి కరిస్తే నూనెనా, ట్వీజరా?

మొన్న పరకాల దగ్గర మా చిన్నాయన మేకల కొట్టంల పన్జేసి వచ్చినంక మోకాలి ఎనుక గోమారి పట్టుకుని కనవడ్డది, పెసరగింజంత ఉంది. మా చిన్నమ్మ కొబ్బరినూనె పోయమంటది, నేనేమో సన్న మొన ట్వీజర్ తెచ్చిన.

నూనె, కిరసనాయిలు పోస్తే అది ఊపిరాడక ఊడొస్తదని అనుకుంటం గాని తొందరగ రాదు, అప్పటిదాంక నెత్తురు తాగుతనే ఉంటది, ఇంకింత ఉమ్మి లోపలికి వదిలినా వదులుతది. అగ్గిపుల్లతోని కాలిస్తే మన తోలే కాలుతది.

ట్వీజర్ తోని పొట్ట పిసుకొద్దు. తోలుకు ఆనించి మూతి దగ్గర పట్టి, మెలి తిప్పకుండ, ఒక్కతీరుగ నిదానంగ పైకి గుంజాలె. తోలు జెర లేస్తది, ఆగి పట్టుకుంటే వదుల్తది. మూతి ముక్క ఇరిగి ఉండిపోతే తవ్వొద్దు, తోలే బయటికి నెడ్తది. తర్వాత సబ్బుతో కడిగినం.

చిన్న ఎర్ర బొబ్బ రెండు మూడు రోజులుంటది, అది మామూలే. రెండు మూడు వారాల్ల జ్వరం, తలనొప్పి, అరచేతుల మీద దద్దులు, లేకుంటే కరిసిన కాడ నల్ల పొక్కు వస్తే డాక్టర్‌కు గోమారి సంగతి ముందే చెప్పాలె, చెప్పకుంటే ఉత్త వైరల్ జ్వరమని గోలీలిస్తరు.