నీలం ఇన్‌హేలర్ మూడేండ్లు వాడినంక

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల లెక్కలు రాస్తా. మూడేండ్ల కింద చలికాలంల మొదలైంది, పగలంతా మంచిగనే ఉంటుండె, రాత్రి 3 గంటలకు దగ్గుతోని లేస్తుంటి, లేచి కూసుంటే ఛాతిలకెళ్లి పిల్లికూతలు, పక్కల పండుకున్న మా ఆమెకు కూడ ఇనొచ్చేటియి. దుమ్ముకు పట్టిన జలుబనుకోని నాలుగు నెలలు దగ్గు టానిక్కులే తాగిన. ఆఖరికి నల్గొండల ఛాతి డాక్టర్ ఊదే పరీక్ష చేసిండు, మందు పీల్పిచ్చి 15 నిమిషాలాగి మళ్ల ఊదమంటే మొదటిదానికంటే శానా ఎక్కువొచ్చింది, మూసుకున్న గొట్టాలు మందుతోని గిట్ల తెరుచుకున్నయంటే ఆస్తమానే అన్నడు.

సాల్బుటమాల్ నీలం ఇన్‌హేలర్ రాసిచ్చిండు, దమ్ము పట్టినప్పుడు 2 పఫ్‌లు. నిజం చెప్తున్న, మొదటి నెల అస్సలు పనిచెయ్యలే అనుకున్న. మళ్ల పోతే నా ముంగట కొట్టి చూపియ్ అన్నడు, కొట్టిన, పెదాల సందులకెళ్లి తెల్లగ పొగ బయటికొచ్చింది. గదే నీ మందు, లోపలికి పోలే అన్నడు. నేను ముందు నొక్కి తర్వాత పీలుస్తున్న, గా మందంత నాలుక మీదనే పడుతుందన్నట్టు.

ఇప్పుడైతే మూత తీసి బాగ ఊపి, ఊపిరంత మెల్లగ బయటికి ఇడిసి, పెదాలు గట్టిగ మూసి, నిదానంగ పీల్చుడు మొదలువెట్టంగనే ఒక్కసారి నొక్కుత, నిండ పీల్చి 10 లెక్కవెట్టేదాక బిగవడ్త, అర నిమిషమాగి ఊపి రెండోది. ఇన్‌హేలర్ మూతికి తగిలించే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం పెట్టుకుంటే నొక్కుడు పీల్చుడు కలవకున్నా ఏం కాదు, రాత్రి నిద్రమబ్బుల నాకు అదే మేలు. కొత్తదైనా, శాన రోజులు పక్కకు పెట్టినదైనా ముందు గాలిల రెండు మూడు సార్లు కొట్టాలె. 5 నిమిషాలల్ల కూతలు తగ్గుతయి, నాలుగైదు గంటలు ఆగుతది, చేతులు జర వణుకుతయి, గుండె దడ కూడ కొంచెం, తర్వాత పోతది.

కానీ నేను చేసిన పెద్ద తప్పు వేరే. హాయిగ ఉంది గదా అని దీంతోనే బండి నడిపిన, 200 పఫ్‌ల డబ్బ 2 నెలలకే ఒడిసింది, అంటే రోజుకు మూడుకు పైనే. డాక్టర్ గట్టిగనే తిట్టిండు, ఇది గొట్టాలను తెరుస్తది గంతే, లోపలి వాపును తగ్గియ్యదు, వారంల రెండుసార్ల కంటే ఎక్కువ కావలసొస్తుందన్నా రాత్రిపూట లేపుతుందన్నా ఆస్తమా అదుపుల లేనట్టే అన్నడు. అప్పటికెళ్లి రోజు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వేరే నడుస్తుంది, పీల్చినంక నోరు పుక్కిలించి ఉమ్మేస్త, లేకుంటే నోట్ల పూత వస్తది. రెండు నెలలకు రాత్రి లేచుడు బందైంది, ఇప్పుడు నీలం డబ్బ ఏడాదికి ఒక్కటి కూడ ఒడుస్తలేదు.

ఇంట్ల చెప్పిపెట్టిన, పఫ్‌లు కొట్టినా తగ్గకుండ ఒక్క మాట పూర్తిగ మాట్లాడరాకపోతే, పెదాలు నీలంగైతే చూస్త కూసోకుండ్రి, 108కి కొట్టున్రి, బండి వచ్చేలోపు స్పేసర్‌తోని అర నిమిషానికి ఒకటి చొప్పున 10 దాక ఇయ్యాలె అని. నాదాంట్ల లెక్క చూపే మీటర్ లేదు, ఊపితే సప్పుడొస్తది గనీ అందులో గ్యాసే మిగిలి మందు ఒడిసి ఉండొచ్చు, అందుకే కొట్టినప్పుడల్లా గోడ క్యాలెండర్ మీద గీత గీస్తున్న.