మెరాకి, ఫిలోతిమో: అనువాదానికి లొంగని రెండు మాటలు

మెరాకి, ఫిలోతిమో అనే గ్రీకు మాటలను అనువదించలేమని తరచు అంటారు. గ్రీకులో ఒక కాఫీని 'మెరాకితో' కాచారంటే, సన్నని సెగ మీద, నురగ చెదరకుండా, మనసు పెట్టి కాచారని అర్థం. 'మనసు పెట్టి' అనగానే అనువాదం అయిపోయినట్టే. ఈ మాట గ్రీకుల సొంతం కూడా కాదు, తుర్కీ 'మెరాక్' నుంచి వచ్చింది. అక్కడ దానికి కుతూహలం, బెంగ అనే అర్థాలున్నాయి. గ్రీకులోనూ ఆ బెంగ నీడ మిగిలింది: తీరని కోరికనూ మెరాకి అంటారు. దాన్ని అనువదించలేమనే రచయితలు ఈ సగాన్ని వదిలేసి తియ్యని సగమే ఎత్తిచూపుతారు.

ఫిలోతిమో అంత సులువుగా లొంగదు. 'ఫిలోస్' అంటే ప్రియమైనది, 'తిమీ' అంటే గౌరవం. ప్రాచీన గ్రీకులో 'ఫిలోతిమియా' తరచు కీర్తికాంక్ష. ప్లేటో దాన్ని అనుమానంగానే చూశాడు. నేడది ఎవరూ అడగకపోయినా తన వంతు చేయించే ఆత్మాభిమానం. 'అతని ఫిలోతిమోను తట్టారు' అంటే రోషం తెప్పించి పని చేయించారని. అక్కడ 'రోషం' చక్కగా అతుకుతుంది. అపరిచితుడికి అన్నం పెట్టడాన్నీ ఫిలోతిమో అంటారు, అక్కడ అతకదు.

నా దృష్టిలో మెరాకిని అనువదించలేమనడం అలంకారమే. ఫిలోతిమో విషయంలో మాత్రం సగం నిజం: అర్థం దొరుకుతుంది, అన్ని వాక్యాల్లో ఇమిడే ఒక్క మాట దొరకదు. అందుకే గ్రీకు మాటనే ఉంచి, పక్కన ఒక కథ చెబుతారు.